అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ప్రెషర్, జోన్లు, పీఆర్‌వీ: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో, కాజీపేటలో అపార్ట్‌మెంట్ల ప్లంబింగ్ పని చూసుకుంటూ ఉంటాను. ఐదంతస్తుల బిల్డింగుల్లో ఉన్నంత కాలం పీఆర్‌వీ అనే మాట మాకు పెద్దగా అవసరం పడలేదు. పది దాటి, పద్నాలుగు అంతస్తులు కట్టడం మొదలయ్యాక అసోసియేషన్ వాళ్లు, వాచ్‌మన్లు, కొత్తగా పనిలోకి వచ్చిన ప్లంబర్లు నన్ను అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఆ ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ రాశాను. ఉదాహరణకు మొదటి నుంచి చివరి దాకా ఒకే బిల్డింగు తీసుకున్నాను: కింద పార్కింగ్, దాని మీద 14 అంతస్తులు, టెర్రస్ మీద ట్యాంకు. పీఆర్‌వీ అంటే ప్రెషర్ తగ్గించే వాల్వ్.

ట్యాంకు ఒకటే కదా, పైవాళ్లకు నీళ్లు సన్నగా, కిందవాళ్లకు అంత జోరుగా ఎందుకు వస్తాయి?

నల్లా దగ్గర ప్రెషర్ ఎంత ఉండాలో నిర్ణయించేది ట్యాంకులో ఎన్ని లీటర్లు ఉన్నాయన్నది కాదు, ట్యాంకులోని నీటిమట్టం ఆ నల్లాకు ఎన్ని మీటర్ల పైన ఉందన్నది. మన చెరువు కట్టలు చూడండి. పైన ఎడ్లబండి పోయేంత వెడల్పుంటే, అడుగున దానికి ఎన్నో రెట్లు వెడల్పుంటుంది. లోతు పెరిగినకొద్దీ నీళ్లు కట్టను నెట్టే బలం పెరుగుతుందని కాకతీయుల కాలంలో చెరువులు కట్టినవాళ్లకు తెలుసు. ట్యాంకు నుంచి కిందకు దిగే మీ డౌన్‌టేక్ పైపు కూడా ఒక సన్నటి, చాలా లోతైన చెరువులాంటిదే.

లెక్క తేలిక. పది మీటర్ల నీటి ఎత్తుకు ఒక కేజీ ప్రెషర్. కేజీ అంటే చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో బరువు. ప్లంబర్లు అనేది, గేజ్ మీద కనిపించేది ఇదే. బార్ అన్నా దాదాపు అంతే. ఒక అంతస్తు మూడు మీటర్లు అనుకుంటే, ఒక్కో ఫ్లోర్ దిగినప్పుడల్లా 0.3 కేజీ పెరుగుతుంది.

మా ఉదాహరణలో ట్యాంకు నీటిమట్టం 14వ ఫ్లోర్ నల్లాకు దాదాపు ఐదు మీటర్ల పైన ఉంది. అంటే అక్కడ 0.5 కేజీ. అక్కడి నుంచి 13 ఫ్లోర్లు దిగితే 39 మీటర్లు, అంటే మరో 3.9 కేజీలు. ఫస్ట్ ఫ్లోర్‌లో మొత్తం 4.4 కేజీలు. పైన షవర్ కింద నిలబడితే తల కూడా సరిగ్గా తడవదు, కింద నల్లా తిప్పితే సింకులోంచి నీళ్లు మొహం మీదకు ఎగురుతాయి. రెండూ ఒకే పైపు, ఒకే ట్యాంకు, ఒకే నీళ్లు.

మున్సిపల్ నీళ్లకు దీనితో సంబంధం లేదు. ఆ నీళ్లు కింద సంపులో పడి, అక్కడి నుంచి మోటారుతో ట్యాంకుకు ఎక్కుతాయి. వీధి లైన్‌లో ప్రెషర్ ఎంతున్నా సంపు దగ్గరే దాని పని అయిపోయింది.

ఎంత ప్రెషర్ ఉంటే మంచిది? ఎక్కువ ఉంటే నష్టమేంటి, నీళ్లు బాగానే వస్తాయి కదా?

ఇంట్లో నల్లా, షవర్, వాషింగ్ మెషీన్ హాయిగా పనిచేయడానికి ఒకటిన్నర నుంచి మూడు కేజీలు చాలు. నేను మూడున్నర దాటనివ్వను.

ఎక్కువైతే మొదట పోయేది నీళ్లే. ప్రెషర్ నాలుగు రెట్లు పెరిగితే అదే నల్లాలోంచి వచ్చే నీళ్లు రెండింతలవుతాయి. ఒక కేజీ దగ్గర నిమిషానికి 8 లీటర్లు ఇచ్చే నల్లా, నాలుగు కేజీల దగ్గర 16 లీటర్లు ఇస్తుంది. గిన్నె కడిగే సమయం మాత్రం అంతే ఉంటుంది. వేసవిలో ట్యాంకర్లు తెప్పించుకునే బిల్డింగుల్లో కింది అంతస్తుల ప్రెషర్ చూడకుండా పైవాళ్లను పొదుపుగా వాడమనడం న్యాయం కాదు.

తర్వాత పోయేవి సామాన్లు. వాష్ బేసిన్ కింద యాంగిల్ కాక్ నుంచి నల్లాకు వెళ్లే కనెక్షన్ పైపు, ఫ్లష్ ట్యాంకులో ఫ్లోట్ వాల్వ్, నల్లా లోపలి వాషర్, హెల్త్ ఫాసెట్ పైపు. వీటిలో చాలావాటి మీద ఇరవై నాలుగు గంటలూ ఆ బలం పడుతూనే ఉంటుంది. ప్రెషర్ ఎక్కువైతే పైపులో నీటి వేగం కూడా పెరుగుతుంది. అప్పుడు నల్లా టక్కున మూస్తే గోడలో ఢబ్‌మని శబ్దం వస్తుంది. పరుగెత్తే నీళ్లు ఒక్కసారి ఆగిపోయి పైపును గుద్దినందుకు వచ్చే శబ్దం అది. వాషింగ్ మెషీన్ వాల్వ్ మనిషి చెయ్యి కంటే వేగంగా మూసుకుంటుంది కాబట్టి దాని దగ్గర ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

జోన్లుగా విడగొట్టడం అంటే ఏంటి? మా బిల్డింగుకు ఎన్ని కావాలి?

ఒకే లైన్ మీద 14 ఫ్లోర్లు ఉంటే పైనా కిందా మధ్య 3.9 కేజీల తేడా ఉంటుంది. పైన ప్రెషర్ సరిచేస్తే కింద పగులుతుంది, కింద సరిచేస్తే పైన చుక్క రాదు. అందరికీ కుదిరే ఒక్క ప్రెషర్ అనేది అక్కడ లేనే లేదు. అందుకే ఐదారు ఫ్లోర్లకు ఒక గుంపు చేస్తాం. ఐదు ఫ్లోర్ల దూరంలో తేడా ఒకటిన్నర కేజీ. అది 1.5 నుంచి 3 మధ్యలో సరిగ్గా పడుతుంది. జోన్ పొడవు ఎంత ఉండాలో ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

మా ఉదాహరణ బిల్డింగు ఇలా ఉంటుంది. పైన 12, 13, 14 ఫ్లోర్లకు ట్యాంకు ఎత్తు చాలదు. అక్కడ ఉండేవి 1.1, 0.8, 0.5 కేజీలే. వాటికి టెర్రస్ మీద బూస్టర్ పంపు పెట్టి ఒకటిన్నర కేజీ కలుపుతాం. అప్పుడు 14లో 2, 12లో 2.6 వస్తుంది. మధ్యలో 11 నుంచి 7 దాకా ఏమీ చేయనక్కర్లేదు. ట్యాంకు ఎత్తుతోనే 11లో 1.4, 7లో 2.6 ఉంటుంది. ఇది బిల్డింగులో అందరికంటే అదృష్టవంతుల జోన్. కరెంటు పోయినా, వాల్వ్ పాడైనా వాళ్ల నల్లాకు ఏమీ కాదు.

కింద 6 నుంచి 1 దాకా మిగిలింది. ఆరో ఫ్లోర్‌లో ఉన్నది 2.9, ఫస్ట్ ఫ్లోర్‌లో 4.4. ఈ జోన్‌కు ట్యాంకు నుంచి విడిగా ఒక డౌన్‌టేక్ దించి, ఆరో ఫ్లోర్‌లో పైపులు దిగే షాఫ్ట్‌లో పీఆర్‌వీ పెడతాం. దాన్ని 1.5కు సెట్ చేస్తే ఆరో ఫ్లోర్‌లో 1.5, అక్కడి నుంచి కిందకు దిగుతూ ఫస్ట్ ఫ్లోర్‌లో 3 కేజీలు. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి, మిగతా జవాబులన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి.

ఒక జాగ్రత్త. రిపేరు సమయంలో ఉపయోగపడుతుందని జోన్ల మధ్య ఒక లింక్ వాల్వ్ పెడతారు. రిపేరు అయ్యాక దాన్ని మూయడం మరిచిపోతే బూస్టర్ పంపు ప్రెషర్ మధ్య జోన్‌లోకి దిగిపోతుంది. ఏడో ఫ్లోర్‌లో 2.6 ఉండాల్సింది నాలుగు చూపిస్తుంటే ముందు ఆ వాల్వ్ దగ్గరకు వెళ్లండి.

పీఆర్‌వీని ట్యాంకు పక్కనే పెడితే ఎక్కి చూసుకోవడం తేలిక కదా?

అక్కడ తగ్గించడానికి ప్రెషర్ ఎక్కడుంది? ట్యాంకు అడుగున ఉండేది మీటరున్నర, రెండు మీటర్ల నీళ్లే. ప్రెషర్ అంతా కిందకు దిగే దారిలో పుడుతుంది. పై నుంచి వచ్చే లైన్‌కు పీఆర్‌వీ జోన్‌లోని అన్నిటికంటే పై ఫ్లోర్ దగ్గర ఉండాలి. పార్కింగ్‌లో పెట్టినా లాభం లేదు. అక్కడికి వచ్చేలోపే నీళ్లు ఆరు ఫ్లోర్లకు పంచేసి ఉంటాయి.

పీఆర్‌వీ ఎందుకండీ, గేట్ వాల్వ్ సగం మూసి పెడితే సరిపోదా?

ఈ ప్రశ్న ప్రతి బిల్డింగులో వస్తుంది. చాలాచోట్ల అలాగే చేసి పెట్టారు కూడా. పగలు చూస్తే పనిచేసినట్టే కనిపిస్తుంది. అందుకే ఈ పొరపాటు అంత తేలిగ్గా పోదు.

సగం మూసిన గేట్ వాల్వ్ ప్రెషర్‌ను తగ్గించేది నీళ్లు దానిలోంచి పారుతున్నప్పుడు మాత్రమే. ఇరుకు సందులోంచి పోవడానికి నీళ్లు కొంత బలం ఖర్చు పెట్టుకుంటాయి. ఉదయం ఏడు గంటలకు ఆరు ఫ్లోర్లలో నల్లాలు తెరిచి ఉంటే, ఆ ఖర్చు వల్ల కింద ప్రెషర్ తగ్గుతుంది. రాత్రి రెండింటికి ఏ నల్లా తెరిచి ఉండదు. నీళ్లు పారడం లేదు, ఖర్చు లేదు. అప్పుడు గేట్ వాల్వ్ ఒక్క చుట్టు తెరిచి ఉన్నా, పూర్తిగా తెరిచి ఉన్నా ఫస్ట్ ఫ్లోర్ గేజ్ 4.4 మీదే నిలబడుతుంది. నమ్మకం కలగకపోతే ఒక రాత్రి మీరే గేజ్ పెట్టి చూడండి.

కనెక్షన్ పైపులు ఎక్కువగా రాత్రే ఎందుకు పగులుతాయో ఇప్పుడు అర్థమవుతుంది. పగలు ఎక్కడో ఒక నల్లా తెరిచి ఉండి బలం కొంత తగ్గుతూ ఉంటుంది. అందరూ పడుకున్నాక పూర్తి బలం పడుతుంది.

నీళ్లు పారుతున్నా, ఆగిపోయినా కింద ప్రెషర్‌ను ఒకే దగ్గర పట్టి ఉంచడమే పీఆర్‌వీ పని. గేట్ వాల్వ్‌కు ఆ పని చేతకాదు. ఇంకో నష్టం కూడా ఉంది. సగం మూసిన గేట్ వాల్వ్‌లో రేకు ఊగుతూ, అరుగుతూ కొన్నేళ్లకు పూర్తిగా మూసుకోకుండా తయారవుతుంది. నిజంగా మూయాల్సిన రోజు అది మూసుకోదు.

మరి పీఆర్‌వీ లోపల ఏం జరుగుతుంది?

ఇత్తడి బాడీ, పైన గంట ఆకారంలో మూత. మూతలో ఒక గట్టి స్ప్రింగ్, దాని మీద తిప్పే స్క్రూ. స్ప్రింగ్ కింద రబ్బరు డయాఫ్రమ్, దానికి వేలాడుతూ ఒక చిన్న రబ్బరు బిళ్ల. ఆ బిళ్ల ఒక గుండ్రటి అంచు మీద కూర్చుని దారి మూస్తుంది. ఆ అంచును సీట్ అంటాం.

స్ప్రింగ్ దారిని తెరవాలని నెడుతుంది. అవతలి వైపు, అంటే ఇళ్లకు వెళ్లే వైపు, పెరిగే ప్రెషర్ డయాఫ్రమ్‌ను కింది నుంచి ఎత్తి దారిని మూయాలని చూస్తుంది. నల్లా తెరిస్తే అవతల ప్రెషర్ పడిపోతుంది, స్ప్రింగ్ గెలుస్తుంది, నీళ్లు వెళ్తాయి. నల్లా మూస్తే అవతల ప్రెషర్ 1.5 దాకా పెరిగి స్ప్రింగును ఆపుతుంది, బిళ్ల సీట్ మీద కూర్చుంటుంది. స్క్రూ బిగిస్తే స్ప్రింగ్ బలం పెరిగి, ఎక్కువ ప్రెషర్ దగ్గర మూసుకుంటుంది. వాల్వ్ అంతా ఇంతే. కరెంటు లేదు, మోటారు లేదు.

నీళ్లు వాడుతున్నప్పుడు గేజ్ 1.5 నుంచి 1.2, 1.3కు దిగుతుంది. బిళ్ల తెరుచుకోవాలంటే అవతల కొంచెం తగ్గాల్సిందే కాబట్టి ఇది సహజం. అదే 0.5కో, 0.4కో పడిపోతుంటే మాత్రం ఎక్కడో దారి మూసుకుపోయిందని అర్థం.

సెట్టింగ్ ఎలా చేయాలి?

ముందు వాల్వ్ చుట్టూ ఏమున్నాయో చూడండి. ఇటొక బాల్ వాల్వ్, అటొక బాల్ వాల్వ్, ముందు చెత్తను జాలీతో ఆపే వై స్ట్రైనర్, రెండు వైపులా గేజ్‌లు, విప్పడానికి యూనియన్లు ఉండాలి. అవతలి వైపు గేజ్ లేకుండా స్క్రూ తిప్పడమంటే కళ్లు మూసుకుని తిప్పడమే.

స్ట్రైనర్ కడగండి. పీఆర్‌వీని తప్పించి పక్క నుంచి పోయే బైపాస్ లైన్ ఉంటే దాని వాల్వ్ మూసి ఉందో లేదో చూడండి. లాక్ నట్ వదులు చేసి, స్ప్రింగ్ మీద బరువు పోయేదాకా స్క్రూను ఎడమకు తిప్పండి. ఇప్పుడు ఇటువైపు బాల్ వాల్వ్ మెల్లగా తెరవండి. ఒక్కసారి తెరిస్తే ఖాళీ పైపులో నీళ్లు దూసుకెళ్లి డయాఫ్రమ్‌ను దెబ్బతీస్తాయి. ఆరో ఫ్లోర్‌లో ఒక నల్లా తెరిపించి గాలి పోయేదాకా ఆగండి, తర్వాత నల్లా మూయించండి.

స్క్రూను కుడికి కొంచెం కొంచెంగా తిప్పుతూ గేజ్ 1.5కు వచ్చాక ఆగండి. పొరపాటున 1.8కు పోయిందనుకోండి, స్క్రూ వెనక్కి తిప్పినంత మాత్రాన గేజ్ దిగదు. అవతల చిక్కుకున్న నీళ్లకు బయటపడే దారి లేదు. ఒక నల్లా తెరిచి కాసేపు వదిలి మూస్తేనే కొత్త సెట్టింగ్ కనిపిస్తుంది. ఇది తెలియక స్క్రూ మొత్తం విప్పేసి "వాల్వ్ పోయింది సార్" అన్నవాళ్లు ఉన్నారు.

నల్లా తెరిచి ఒకసారి, మూసి ఒకసారి రెండు అంకెలూ చూసుకుని లాక్ నట్ బిగించండి. స్క్రూ మీద, నట్ మీద కలిపి పెయింటుతో ఒక గీత గీయండి. తర్వాత ఎవరైనా తిప్పితే గీత విడిపోయి తెలుస్తుంది. తేదీ, రెండు అంకెలు ఒక అట్ట మీద రాసి వాల్వ్‌కు కట్టండి.

ఆరో ఫ్లోర్ వాళ్లు నీళ్లు తక్కువ అంటున్నారు. స్క్రూ కొంచెం బిగిద్దామా?

బిగించే ముందు ఈ సంగతి చదవండి. ఒక 14 అంతస్తుల బిల్డింగులో, నేను పైన చెప్పిన లెక్కలున్న బిల్డింగులోనే, ఇదే జరిగింది.

ఆరో ఫ్లోర్ నుంచి ఫిర్యాదు వచ్చింది. "పొద్దున నీళ్లు సన్నగ వస్తున్నయ్, బకెట్ నిండుతలేదు" అన్నారు. అక్కడి ప్లంబర్ షాఫ్ట్‌లోకి వెళ్లి స్క్రూ బిగించాడు. కొంచెం మెరుగైంది. రెండు రోజులకు మళ్లీ ఫిర్యాదు, మళ్లీ బిగించాడు. చివరికి స్క్రూ అంతా లోపలికి పోయింది. ఆరో ఫ్లోర్ వాళ్లు ఊరుకున్నారు, పని అయిపోయిందనుకున్నారు.

అది మేడారం జాతర సమయం. ఫస్ట్ ఫ్లోర్‌లో ఒక కుటుంబం ఇంటికి తాళం వేసి జాతరకు వెళ్లింది. మూడో రాత్రి వాళ్ల వాష్ బేసిన్ కింద కనెక్షన్ పైపు నట్ దగ్గర పగిలింది. తెల్లవారుజామున పార్కింగ్ స్లాబ్ నుంచి నీళ్లు కారుతుంటే వాచ్‌మన్ చూశాడు. అప్పటికి లిఫ్ట్ గుంటలోకి కూడా నీళ్లు దిగాయి. నిమిషానికి 25 లీటర్లే అనుకున్నా నాలుగు గంటల్లో 6000 లీటర్లు. జాతర నుంచి వచ్చిన ఆ ఇంటావిడ ఉబ్బిపోయిన మంచం చెక్కను చేత్తో తడుముతూ నిలబడటం నాకు ఇప్పటికీ గుర్తుంది.

నన్ను పిలిచింది ఆ తర్వాత. పీఆర్‌వీ అవతల గేజ్ చూశాను, నల్లాలన్నీ మూసి ఉంటే 2.9. అంటే వాల్వ్ ఏమీ తగ్గించడం లేదు, పై నుంచి వచ్చింది వచ్చినట్టు కిందకు వదులుతోంది. ఒక నల్లా తెరిపించాను. గేజ్ 2.9 నుంచి దాదాపు ఒకటికి జారిపోయింది. ఆ జారడమే అసలు రోగం చెప్పింది. స్ట్రైనర్ మూత విప్పి జాలీ బయటకు లాగాను. వేలెడంత జాలీలో పైపు కోసినప్పుడు రాలిన పొట్టు, ఎండిపోయిన సాల్వెంట్ తునకలు, టెర్రస్ నుంచి వచ్చిన ఎండుటాకు ముక్క, వీటన్నిటినీ పట్టి ఉంచిన తెల్లటి సున్నం. వెలుతురుకు పట్టుకుంటే నాలుగైదు రంధ్రాల్లోంచే అవతల కనిపించింది.

మూసుకుపోయిన స్ట్రైనర్ కూడా సగం మూసిన గేట్ వాల్వ్ లాంటిదే. నీళ్లు పారేటప్పుడు ప్రెషర్ తినేస్తుంది, పారనప్పుడు ఏమీ తగ్గించదు. పగలు ఆరో ఫ్లోర్‌కు నీళ్లు సరిపోకపోవడానికి కారణం అది. దాన్ని వదిలి స్క్రూ బిగించడంతో, రాత్రిపూట ఫస్ట్ ఫ్లోర్‌లో మూడు ఉండాల్సింది 4.4 అయింది. పైపు పాతదే, ఎప్పుడో పోయేదే కావచ్చు. కానీ ఆ మూడు రాత్రులు దాని మీద పడిన బలం మాత్రం మనిషి చేత్తో పెట్టింది. జాలీ కడిగి, వాల్వ్‌ను మళ్లీ 1.5కు సెట్ చేశాను. ఆరో ఫ్లోర్ నల్లా తెరిస్తే గేజ్ 1.3 దగ్గర ఆగింది. వాళ్ల బకెట్ నిండింది.

కాబట్టి తక్కువ అన్నప్పుడు చూడాల్సింది రెండు అంకెలు. నల్లా మూసి ఉన్నప్పుడు 1.5 ఉండి, తెరిస్తే బాగా పడిపోతుంటే ఎక్కడో అడ్డం ఉంది: స్ట్రైనర్, సగం తెరిచిన వాల్వ్, లేదా ఆ ఇంటి నల్లా మూతిలోని జాలీ. నల్లా మూసి ఉన్నప్పుడే 1.5 కంటే తక్కువ చూపిస్తే మాత్రమే స్క్రూ గురించి ఆలోచించాలి.

పగలు 1.5 చూపించే గేజ్ రాత్రి 2.9కు పోతోంది. ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకు?

బిళ్ల సీట్ మీద పూర్తిగా కూర్చోవడం లేదు. పైన చెప్పినంత పెద్ద చెత్త అవసరం లేదు, ఒక ఇసుక రేణువు చాలు. వాల్వ్ విప్పి రబ్బరు బిళ్లను వేలితో తడిమితే సీట్ అంచు పడిన గుండ్రటి గాడి తగులుతుంది. ఆ గాడిలో ఒక్కచోట గీత ఉన్నా, సున్నం పొర అంటుకున్నా అక్కడి నుంచి వెంట్రుకంత నీళ్లు జారుతూ ఉంటాయి. పగలు ఆ చుక్కలు ఎవరో ఒకరు వాడేస్తారు. రాత్రి అవి పోగయి, అవతలి ప్రెషర్ గంట గంటకూ ఇవతలి దానితో సమానమవుతుంది.

విచిత్రమేమిటంటే, ఏదో ఒక ఇంట్లో ఫ్లష్ ట్యాంకు కారుతుంటే ఈ లోపం బయటపడదు. జారిన నీళ్లు ఆ కారేదాంట్లోంచి పోతుంటాయి. ఆ ట్యాంకు బాగుచేసిన వారానికే ఇంకో ఇంట్లో పైపు పగిలిందంటే ఆశ్చర్యపోకండి.

అయితే వాల్వ్ మార్చే ముందు బైపాస్‌ను అనుమానించండి. పీఆర్‌వీ రిపేరుకు తీసినప్పుడు నీళ్లు ఆగకుండా పక్కన ఒక లైన్ వేసి గేట్ వాల్వ్ పెడతారు. అది లోపల కారుతుంటే గేజ్ మీద అచ్చం ఇలాగే కనిపిస్తుంది. తేడా తెలుసుకోవడానికి పీఆర్‌వీ ముందున్న బాల్ వాల్వ్ మూయండి. ఒక నల్లా తెరిచి గేజ్ దించి, నల్లా మూయండి. అరగంట చూడండి. పీఆర్‌వీకి నీళ్లే రావడం లేదు కాబట్టి గేజ్ మళ్లీ పెరిగితే అది బైపాస్ తప్పు. కదలకుండా ఉంటే సీట్ తప్పు. కొత్త పీఆర్‌వీ కొన్నాక కూడా ప్రెషర్ తగ్గలేదని పిలిచిన రెండు చోట్ల పాపం బైపాస్‌దే.

మూడోది గీజర్. 25 లీటర్ల గీజర్‌లో నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 350 మిల్లీలీటర్లు పెరుగుతాయి. నీళ్లు ఎక్కడికైనా పోవాలి కదా. గీజర్ వేడెక్కుతున్నంతసేపు దాని సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడితే భయపడనక్కర్లేదు. గీజర్ ఆపేసి, చల్లారిన తర్వాత కూడా పడుతుంటే అప్పుడు జోన్ ప్రెషర్ చూడండి, తర్వాత ఆ సేఫ్టీ వాల్వ్‌నే చూడండి. అది కూడా సున్నం పట్టి మూసుకోకపోవచ్చు. అది కారుతోందని మాత్రం ఎవరూ దాని మూతికి డమ్మీ కొట్టకండి. గీజర్ ట్యాంకు పగలకుండా కాపాడేది అదే.

షాఫ్ట్‌లో వాల్వ్ గూంయ్‌మని మోగుతోంది. పాడైనట్టా?

ఎక్కువసార్లు వాల్వ్ పెద్దదైపోయినట్టు. పైపు రెండంగుళాలు కాబట్టి వాల్వ్ కూడా రెండంగుళాలే కొంటారు. ఒకే ఇంట్లో ఒక నల్లా తెరిస్తే అంత పెద్ద వాల్వ్ వెంట్రుకంత తెరుచుకుని, మూసుకుని, మళ్లీ తెరుచుకుంటూ అదురుతుంది. ఆ అదురు సీట్‌ను కూడా తినేస్తుంది. వాల్వ్‌ను పైపు సైజు చూసి కాదు, జోన్‌లో ఒకేసారి ఎన్ని నీళ్లు వాడతారో లెక్కేసి కొనాలి. చాలాసార్లు పైపు కంటే ఒక సైజు చిన్నదే సరిపోతుంది. పెద్ద జోన్లలో ఒక చిన్నది, ఒక పెద్దది పక్కపక్కన పెడతారు. చిన్నదాన్ని కొంచెం ఎక్కువకు సెట్ చేస్తే మామూలు వాడకమంతా అదే చూసుకుంటుంది. ఉదయం రద్దీలో ప్రెషర్ తగ్గినప్పుడే పెద్దది తెరుచుకుంటుంది.

మన బోరు నీళ్లకు ఎంత తరచుగా చూడాలి?

బోరు నీళ్లు కలిసే బిల్డింగుల్లో సున్నం పట్టడం ఎక్కువ. నేను స్ట్రైనర్‌ను మూడు నెలలకోసారి, ట్యాంకు కడిగిన ప్రతిసారీ కడిగిస్తాను. ట్యాంకు కడిగినప్పుడు అడుగున కదిలిన మడ్డి నేరుగా వచ్చి అక్కడే చిక్కుతుంది. ఏడాదికోసారి వాల్వ్ విప్పి బిళ్ల, సీట్ చూడాలి. సున్నాన్ని నిమ్మరసంతోనో, వెనిగర్‌తోనో నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడవండి. సీట్‌ను బ్లేడుతో గీకితే వాల్వ్ అక్కడితో పోయినట్టే.

25, 30 అంతస్తులైతే ఒక్కో జోన్‌కూ ఒక పీఆర్‌వీ చాలా?

30 అంతస్తుల మీద నుంచి ఒకే లైన్ దించితే కింద తొమ్మిది కేజీలు దాటుతుంది. స్ప్రింగుతో పనిచేసే మామూలు వాల్వ్‌తో ఒక్క దెబ్బకు మూడింట ఒక వంతు కంటే కిందకు తగ్గించడం మంచిది కాదు. అంత తేడా ఉంటే సీట్ దగ్గర నీళ్లు చాలా వేగంగా దూసుకెళ్లి, అక్కడ బుడగలు పుట్టి పగులుతూ లోహాన్నే కొరికేస్తాయి. గులకరాళ్లు పారుతున్నట్టు శబ్దం వస్తుంది. అలాంటిచోట రెండు వాల్వ్‌లతో రెండు మెట్లుగా తగ్గిస్తారు, లేదా మధ్య అంతస్తులో ఇంకో ట్యాంకు పెడతారు. పై నుంచి వచ్చే నీళ్లు ఆ ట్యాంకులో పడగానే ప్రెషర్ సున్నా అవుతుంది, అక్కడి నుంచి లెక్క కొత్తగా మొదలవుతుంది. స్థలం పోతుంది, ఒక ట్యాంకు అదనంగా కడగాలి. కానీ ఓవర్‌ఫ్లో పైపు సరిగ్గా ఉన్నంత కాలం, ఏ వాల్వ్ చెడిపోయినా పై జోన్ బరువు కింది జోన్ మీద పడదు. చోటు ఉంటే నేను ట్యాంకు వైపే మొగ్గుతాను.

ఫైర్ లైన్‌కు కూడా ఇలాగే తగ్గించాలా?

దాని లెక్క వేరు, దాని నిబంధనలు వేరు. ఫైర్ లైన్ వాల్వ్‌లను మన ప్లంబర్లు ముట్టుకోకూడదు.

నేను ఫ్లాట్‌లో ఉంటాను, షాఫ్ట్‌లోకి వెళ్లలేను. నా ఇంట్లో ప్రెషర్ నేనే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. అరంగుళం మర ఉన్న, ఏడు కేజీల దాకా చూపించే గేజ్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. వాషింగ్ మెషీన్ నల్లాకు మర సరిపోతే దానికే బిగించండి, లేదంటే యాంగిల్ కాక్ మూసి, కనెక్షన్ పైపు విప్పి, ఆ చోట బిగించి యాంగిల్ కాక్ తెరవండి. రాత్రి పడుకునే ముందు ఒకసారి, మళ్లీ తెల్లవారుజామున ఎవరూ లేవకముందు ఒకసారి చూడండి. ఉదయం ఏడింటికి, ఇంట్లో ఇంకో నల్లా తెరిచి పెట్టి మూడోసారి చూడండి. ఆ మూడు అంకెలు, మీ ఫ్లోర్ నంబరు కాగితం మీద రాసి అసోసియేషన్‌కు ఇస్తే, షాఫ్ట్‌లోకి వెళ్లే ప్లంబర్‌కు స్ట్రైనర్ విప్పాలో, సీట్ చూడాలో, బైపాస్ చూడాలో ముందే తెలుస్తుంది. ఊరెళ్లేటప్పుడు మాత్రం ఇంటికి వచ్చే మెయిన్ బాల్ వాల్వ్ మూసి వెళ్లండి. అది ఎక్కడుందో ఇవాళే వెతికి, ఒకసారి తిప్పి చూడండి. ఏళ్ల తరబడి తిప్పకపోతే సున్నం పట్టి బిగుసుకుపోయి ఉంటుంది.